తీసిన బంతిని మళ్లీ వేస్తే

1980 ఏప్రిల్ 24న అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్ర లాటరీలో 666 వచ్చింది. ఆ ఆట పేరు ‘డైలీ నంబర్’. రోజూ సాయంత్రం పిట్స్‌బర్గ్‌లోని ఒక టీవీ స్టూడియోలో, ప్రేక్షకులు చూస్తుండగానే డ్రా తీసేవారు. మూడంకెల సంఖ్య ఒకటి ఎంచుకుని డాలర్ కట్టాలి. అదే సంఖ్య, అదే వరసలో వస్తే 500 డాలర్లు ఇస్తారు. ఆ రోజు రాష్ట్రం చెల్లించాల్సిన మొత్తం దాదాపు 35 లక్షల డాలర్లకు చేరింది. ఆ ఆట మొదలయ్యాక అంత పెద్ద మొత్తం ఎన్నడూ పోలేదు.

అనుమానం రావడానికి కారణం 666 రావడం కాదు. కొన్ని సంఖ్యల మీద మాత్రమే లెక్కకు మించి పందేలు పడడం. ఆ సంఖ్యలు ఎనిమిది: 444, 446, 464, 466, 644, 646, 664, 666. అన్నింటిలోనూ 4, 6 తప్ప వేరే అంకె లేదు. విచారణలో విషయం బయటపడింది. డ్రాను టీవీలో నడిపించే నిక్ పెర్రీ, అతనితో చేతులు కలిపినవాళ్లు 4, 6 అంకెలున్న బంతులను అలాగే వదిలేసి, మిగతా బంతుల్లోకి సూదితో తెల్లరంగు ఎక్కించి బరువు పెంచారు. ఆ యంత్రంలో కింది నుంచి వచ్చే గాలి బంతులను ఎగరేస్తుంది, పైనున్న గొట్టంలోకి దూరిన బంతి గెలిచినట్టు. బరువెక్కిన బంతులు పైకి లేవవు. లేచేవి 4, 6 మాత్రమే. 1981లో కోర్టు పెర్రీని దోషిగా తేల్చింది.

ఈ ఉదంతాన్ని మోసం కథగా చెప్పుకుని వదిలేయడం సులువే. కానీ ఇందులో లెక్కల పాఠాలు చెప్పేవాళ్లు వెతుక్కునే ఉదాహరణ ఒకటుంది. ఆ టికెట్లు ఎనిమిదే ఎందుకయ్యాయి? ఆరు ఎందుకు కాలేదు, రెండు ఎందుకు కాలేదు? దీనికి జవాబు ఆ స్టూడియోలో యంత్రాలను అమర్చిన తీరులోనే ఉంది.

అక్కడ ఉన్నది ఒక యంత్రం కాదు, మూడు. ప్రతిదానిలోనూ 0 నుంచి 9 దాకా పది బంతులు. మొదటి యంత్రం మొదటి అంకెనిస్తుంది, రెండోది రెండో అంకె, మూడోది మూడో అంకె. మొదటి యంత్రంలోంచి 6 బయటికొచ్చినంత మాత్రాన రెండోదానిలోని 6కు ఏమీ కాదు. అది తన చోటే ఉంది. ఒకే యంత్రంలోంచి బంతి తీసి, అంకె రాసుకుని, బంతిని మళ్లీ లోపల వేసి, బాగా కలిపి రెండోసారి తీసినా ఫలితం ఇదే. దీన్నే గణితంలో తిరిగి వేసి తీయడం అంటారు. బంతి చేత్తో తిరిగి వేశారా, లేక పక్కన మరో పూర్తి సెట్ పెట్టారా అన్నది లెక్కకు సంబంధం లేని విషయం. చూడాల్సింది ఒక్కటే: తర్వాతి బంతి తీసేటప్పుడు ఇంతకుముందు వచ్చిన అంకె ఇంకా పోటీలో ఉందా, లేదా?

ఉంటే లెక్క చాలా తేలిక. మొదటి స్థానానికి పది అవకాశాలు, రెండోదానికీ పది, మూడోదానికీ పది. 10 × 10 × 10 అంటే 1,000 ఫలితాలు, 000 నుంచి 999 దాకా. పెర్రీ బృందం ప్రతి యంత్రంలోనూ పది అవకాశాలను రెండుకు కుదించింది. దాంతో 2 × 2 × 2, అంటే ఎనిమిది. వాళ్లు కొన్న టికెట్ల జాబితా ఈ గుణకారమే.

ఇప్పుడు ఆ స్టూడియోలో ఒకే యంత్రం ఉందనుకుందాం. దానిలో పది బంతులు, మూడు వరసగా తీస్తారు, తీసినదాన్ని పక్కన పెడతారు. మొదటి బంతికి పది అవకాశాలు. రెండోసారి లోపల తొమ్మిదే మిగిలాయి, మూడోసారి ఎనిమిది. 10 × 9 × 8 అంటే 720. మొత్తం వెయ్యిలోంచి 280 ఫలితాలు కనుమరుగైపోయాయి. పోయినవి ఏవో చెప్పడం కష్టం కాదు. ఏదో ఒక అంకె రెండుసార్లో మూడుసార్లో వచ్చే సంఖ్యలన్నీ పోయాయి. 666 అసలు రాదు. 466 రాదు. 2002 సంవత్సరంలో పుట్టిన పిల్ల కోసం 002 మీద పందెం కాద్దామన్నా వీలుండదు.

ఇలాంటి యంత్రంలో పెర్రీ పథకం ఎలా నడిచేది? రెండు బంతులనే తేలికగా ఉంచితే అవి రెండూ బయటికి పోయాక, మూడోసారి లోపల బరువైనవే మిగులుతాయి. బంతి పైకి రాక డ్రా టీవీలోనే ఆగిపోయేది. కాబట్టి కనీసం మూడింటిని తేలికగా ఉంచాలి. అప్పుడు ఆ మూడూ ఏ వరసలో వస్తాయన్నదే మిగిలిన ప్రశ్న. 3 × 2 × 1, అంటే ఆరు టికెట్లు కొంటే చాలు. తేలిక బంతులు రెండైనప్పుడు ఎనిమిది టికెట్లు, మూడైనప్పుడు ఆరు! తేలిక బంతుల సంఖ్య పెరిగినా టికెట్ల సంఖ్య తగ్గింది. తిరిగి వేయకపోవడం లెక్కను ఎంతగా కుదిస్తుందో ఈ చిన్న పోలికలోనే కనిపిస్తుంది.

రాష్ట్రానికి కూడా ఇది డబ్బుతో ముడిపడ్డ విషయమే. వెయ్యి ఫలితాలున్నప్పుడు డాలర్‌కు 500 ఇస్తే, వసూలైన ప్రతి డాలర్‌లో సగటున 50 సెంట్లు ఆడినవాళ్లకు తిరిగి పోతుంది. యంత్రాన్ని ఒకటి చేసి, బహుమతిని 500 దగ్గరే ఉంచితే ఫలితాలు 720కి తగ్గుతాయి. 500ని 720తో భాగిస్తే తిరిగి పోయేది డాలర్‌కు 69 సెంట్లు దాటుతుంది. బంతిని ఎక్కడ పెడతారన్న చిన్న నియమం మారితే లాటరీ ఖజానా లెక్కంతా మారిపోతుంది.

ఇక్కడ చాలామంది తడబడే చోటు ఒకటుంది. డైలీ నంబర్ లాంటి ఆటల్లో ‘బాక్స్’ పందెం కూడా ఉంటుంది. అంకెలు ఏ వరసలో వచ్చినా గెలుపే. 4, 6, 8 ఎంచుకున్నవాళ్లకు 468 వచ్చినా సరే, 846 వచ్చినా సరే. వరస పట్టించుకోకపోతే మొత్తం ఎన్ని జట్లున్నాయి? మూడూ వేరువేరు అంకెలైన జట్లు 120. ఒక అంకె రెండుసార్లు వచ్చేవి 90. మూడూ ఒకటే అయినవి 10. మొత్తం 220. ఇంతవరకు లెక్క సరైనదే. దీన్ని చూసి ‘ఏ జట్టుకైనా 220లో ఒక వంతు అవకాశం’ అనేస్తేనే తప్పు మొదలవుతుంది.

ఎందుకంటే యంత్రాలు జట్లను తీయవు, వరసగా అంకెలను తీస్తాయి. సమాన అవకాశం ఉన్నది ఆ వెయ్యి వరసలకు. 4, 6, 8 అనే జట్టు ఆరు వరసల్లో రాగలదు కాబట్టి దాని అవకాశం వెయ్యిలో ఆరు. 4, 6, 6 అయితే 466, 646, 664 అనే మూడు రూపాలే, వెయ్యిలో మూడు. 6, 6, 6కు ఒక్కటే రూపం. సరిచూసుకోవాలంటే 120ని ఆరుతో, 90ని మూడుతో, 10ని ఒకటితో గుణించి కలపండి. 720, 270, 10 కలిపితే సరిగ్గా వెయ్యి. అందుకే బాక్స్ పందెంలో అంకె రెండుసార్లున్న జట్టుకు, మూడూ వేరైన జట్టుకు ఇచ్చేదానికి దాదాపు రెట్టింపు బహుమతి ఉంటుంది. వచ్చే దారులు సగమే కాబట్టి అది న్యాయం.

తిరిగి వేయని ఆటలో ఈ చిక్కు ఉండదు. అంకెలన్నీ వేరువేరే కాబట్టి ప్రతి జట్టుకూ ఆరు వరసలే. 720ని ఆరుతో భాగిస్తే 120 జట్లు, అన్నింటికీ అవకాశం సమానం. వరస పట్టించుకోని పెద్ద లాటరీలన్నీ తిరిగి వేయని పద్ధతినే పట్టుకోవడం వెనక ఇంత సుఖం ఉంది. ప్రతి టికెట్ బలమూ ఒకటే.

మన దేశంలో ప్రభుత్వాలు నడిపే కాగితపు లాటరీలు మొదటి కోవకు చెందుతాయి. రెండు తెలుగు రాష్ట్రాల్లో లాటరీలు లేవు కానీ, కేరళ ప్రభుత్వం 1967లో మొదలుపెట్టిన లాటరీ గురించి వినని తెలుగువాళ్లు తక్కువ. అక్కడ టికెట్ మీద ఆరంకెల సంఖ్య ముందే అచ్చయి ఉంటుంది. డ్రాలో ప్రతి స్థానానికీ విడిగా అంకె తేలుతుంది కాబట్టి ఒకే అంకె ఎన్నిసార్లయినా రావచ్చు. ఆరు స్థానాలకు పదేసి అంకెలైతే మొత్తం పది లక్షల సంఖ్యలు. వాటిలో ఆరంకెలూ వేరువేరుగా ఉన్నవి ఎన్నో తెలుసా? 10 × 9 × 8 × 7 × 6 × 5, అంటే 1,51,200 మాత్రమే. నూటికి పదిహేను. అంకెలు కలగాపులగంగా, ఏదీ రెండోసారి రాకుండా ఉన్న టికెట్టే ‘అసలైన లాటరీ నంబర్’లా ఉందని వెతికి కొనేవాళ్లుంటారు. గెలిచే సంఖ్యల్లో ఎక్కువ భాగం మాత్రం ఏదో ఒక అంకె మళ్లీ వచ్చినవే. అలాగని అలాంటి టికెట్ కొంటే లాభమూ లేదు. విడిగా చూస్తే ఏ టికెట్‌కైనా అవకాశం ఒకటే. మూకుమ్మడిగా అవి ఎక్కువున్నాయి, అంతే.

ఇక అంకెల ఆటల నుంచి పెద్ద జాక్‌పాట్ ఆటలకు వద్దాం. 1994లో బ్రిటన్ జాతీయ లాటరీ మొదలైనప్పుడు 49 బంతుల్లోంచి ఆరు తీసేవారు. ఒకే యంత్రం, తీసిన బంతి మళ్లీ లోపలికి పోదు, వరసతో పని లేదు. మన తంబోలాలో పిలిచిన అంకెను మళ్లీ పిలవనట్టే. లెక్క రెండు అడుగుల్లో సాగుతుంది. మొదట వరసతో సహా లెక్కించాలి: 49 × 48 × 47 × 46 × 45 × 44. ఇది సుమారు 1,006 కోట్ల 83 లక్షలు. ఏ ఆరు సంఖ్యలనైనా 720 వరసల్లో పేర్చవచ్చు కాబట్టి దాన్ని 720తో భాగించాలి. వచ్చేది 1,39,83,816. ఒక టికెట్ కొన్నవాళ్ల అవకాశం దాదాపు కోటీ నలభై లక్షల్లో ఒకటి.

ఇదే ఆటలో ప్రతి బంతినీ తిరిగి వేసి తీస్తే? వరసతో కలిపి ఫలితాలు 49ని ఆరుసార్లు గుణించినంత, అంటే సుమారు 1,384 కోట్ల 13 లక్షలు. ఇందులో ఆరు సంఖ్యలూ వేరుగా ఉండేవి ఇంతకుముందు లెక్కేసిన ఆ 1,006 కోట్ల చిల్లరే. రెంటినీ పోల్చి చూస్తే నూటికి 73. మిగతా 27 శాతం డ్రాలలో ఏదో ఒక సంఖ్య రెండోసారి వస్తుంది. 49 బంతులున్న చోట, తీసేది ఆరే అయినప్పుడు, నాలుగు డ్రాలలో ఒకదానికి పైగా ఇలా జరుగుతుందంటే నమ్మబుద్ధి కాదు. అయితే చూడాల్సింది బంతులెన్ని అన్నది కాదు, వాటి మధ్య జతలెన్ని అన్నది. ఆరు బంతుల్లో రెండేసి చొప్పున పదిహేను జతలు కుదురుతాయి. ఏ జత కలిసినా ‘మళ్లీ వచ్చింది’ అనాల్సిందే.

టికెట్ కొన్నవాళ్ల సంగతేమిటి? ఆరు వేరువేరు సంఖ్యలు రాసిన టికెట్ ఇప్పుడూ 720 వరసల్లో గెలవగలదు. కానీ మొత్తం 1,384 కోట్లకు పెరిగింది. భాగిస్తే అవకాశం 1,92,24,010లో ఒకటి. అంటే యంత్రంలోని బంతులు మారకుండా, టికెట్ మారకుండా, తీసిన బంతిని తిరిగి వేయడం వల్ల మాత్రమే గెలుపు 52 లక్షల మెట్లు దూరం జరిగింది. వరస లేకుండా జట్లను మాత్రమే లెక్కిస్తే 2,58,27,165 వస్తాయి. పాఠ్యపుస్తకంలో సూత్రం చూసి చాలామంది ఈ సంఖ్య దగ్గరే ఆగిపోతారు. ఇందులో ఏ ఒక్క టికెట్‌కూ 2.58 కోట్లలో ఒకటి అనే అవకాశం లేదు. వేరువేరు సంఖ్యల టికెట్‌ది 1.92 కోట్లలో ఒకటి, ఆరూ ఒకే సంఖ్య రాసిన టికెట్‌ది 1,384 కోట్లలో ఒకటి. బాక్స్ పందెంలోని 220 లాంటి ఉచ్చే ఇది కూడా.

రెండు పద్ధతులనూ ఒకే ఆటలో కలిపిన నమూనా అమెరికాలోని పవర్‌బాల్. అక్కడున్న మనవాళ్లు చాలామంది ఆఫీసుల్లో నలుగురూ కలిసి టికెట్లు కొనే ఆట ఇది. 2015 అక్టోబరు నుంచి దాని నియమం ఇలా ఉంది: ఒక యంత్రంలో 69 తెల్ల బంతులు, వాటిలోంచి తిరిగి వేయకుండా ఐదు తీస్తారు. పక్కనున్న మరో యంత్రంలో 26 ఎర్ర బంతులు, వాటిలోంచి ఒకటి. తెల్ల బంతుల జట్లు 1,12,38,513. దాన్ని 26తో గుణిస్తే 29,22,01,338. తెల్ల బంతుల్లో 7 వచ్చినా, ఎర్ర బంతి కూడా 7 కావచ్చు. యంత్రం వేరు కాబట్టి ఆ సంఖ్య అక్కడ ఇంకా పోటీలోనే ఉంది.

ఈ రెండో యంత్రం చేసే పని మామూలు అంచనాకు అందదు. ఎర్ర బంతి పద్ధతి తీసేసి, ఆరో బంతిని కూడా ఆ 69లోంచే తీస్తే ఫలితాలు పెరుగుతాయా, తగ్గుతాయా? 26 కంటే మిగిలిన 64 ఎక్కువ కదా, పెరుగుతాయనే అనిపిస్తుంది. నిజానికి 11,98,77,472కు పడిపోతాయి. సగం కూడా కాదు. ఆరో బంతి అదే యంత్రంలోంచి వస్తే అది మిగతా ఐదింటిలో కలిసిపోతుంది. ఆరింటిలో ఏది చివర వచ్చిందో ఎవరూ పట్టించుకోరు. కాబట్టి 64తో గుణించాక ఆరుతో భాగించాలి. ఫలితంగా పెరిగేది పదకొండు రెట్ల లోపే. విడి యంత్రంలోని ఎర్ర బంతికి తనదైన చోటు ఉంది, దాన్ని దేనితోనూ కలపరు, అందుకే పూర్తిగా 26 రెట్లు. జాక్‌పాట్ ఎవరికీ తగలకుండా వారాల తరబడి పేరుకుపోవాలని కోరుకునే నిర్వాహకులకు ఈ 26 బంతుల యంత్రం ఎంతో పనికొస్తుంది.

ఇప్పటిదాకా చెప్పుకున్నదంతా ఒకే డ్రా లోపలి సంగతి. ఒక డ్రాకూ మరో డ్రాకూ మధ్య ఏం జరుగుతుందో కూడా అడగాలి. ఇక్కడ అన్ని లాటరీల్లోనూ జవాబు ఒకటే: బంతులన్నీ తిరిగి లోపలికి వెళ్తాయి. ఒక డ్రా లోపల తిరిగి వేయడం లేదు, డ్రాకూ డ్రాకూ మధ్య తిరిగి వేస్తున్నారు. ఈ రెంటినీ కలగలిపేసుకుంటే ఎంత నష్టమో ఇటలీ చూసింది.

ఇటలీ ‘లోటో’లో అప్పట్లో పది నగరాల పేర్లతో పది చక్రాలు ఉండేవి. ఒక్కో చక్రానికి 90 సంఖ్యల్లోంచి తిరిగి వేయకుండా ఐదు తీస్తారు. వెనిస్ చక్రంలో 53 అనే సంఖ్య 2003 మే తర్వాత రావడం ఆగిపోయింది. వారానికి రెండు డ్రాలు, నెలలు గడిచాయి, 53 రాలేదు. ‘ఇన్నాళ్లు రాలేదు, ఇక రాక తప్పదు’ అని దేశమంతా దాని మీద పందేలు కాసింది. ఆ పందేల మొత్తం 350 కోట్ల యూరోలు దాటింది. ఇళ్లు, పొదుపులు పోగొట్టుకున్నవాళ్లున్నారు, ప్రాణాలు తీసుకున్నవాళ్లూ ఉన్నారు. 182 డ్రాల ఎదురుచూపు తర్వాత 2005 ఫిబ్రవరి 9న 53 వచ్చింది.

వాళ్ల తర్కం పూర్తిగా గాలిలోంచి పుట్టింది కాదు. తిరిగి వేయని యంత్రంలో అది నిజమే. 90 బంతుల్లోంచి ఒక్కొక్కటే తీసి పక్కన పెడుతూ పోతే, 53 రాని ప్రతిసారీ అది రావడానికి అవకాశం పెరుగుతుంది, తొంభయ్యోసారికి అది ఖాయం. తంబోలాలో ఒక్క అంకె కోసం కాచుకుని కూర్చున్నవాళ్ల ఆశ అందుకే సమంజసం. వెనిస్ చక్రంలో ప్రతి డ్రాకూ ముందు తొంభై బంతులూ లోపలే ఉన్నాయి. ప్రతిసారీ 53 అవకాశం 90లో ఐదు, అంటే 18లో ఒకటి. మొదటి డ్రాకూ అంతే, నూట ఎనభయ్యో డ్రాకూ అంతే.

మరి 182 సార్లు వరసగా రాకపోవడం అసాధారణం కాదా? ఒక సంఖ్య ఒక డ్రాలో రాకుండా ఉండే అవకాశం 18లో 17. దాన్ని 182 సార్లు గుణిస్తే సుమారు 33,000లో ఒకటి వస్తుంది. ఈ ఒక్క సంఖ్యనే ముందుగా ఎంచుకుని చూసుంటే అది నిజంగా అరుదే. కానీ 53ను ఎవరూ ముందుగా ఎంచుకోలేదు, ఆలస్యమయ్యాకే చూశారు. పది చక్రాలు, డ్రాకు ఐదేసి సంఖ్యలు, ఏడాదికి 104 డ్రాలు. అంటే ఏటా 5,200 సార్లు ఏదో ఒక సంఖ్య బయటికొస్తుంది, ఆ వచ్చిన ప్రతిసారీ దాని తర్వాతి ఎడబాటు మొదలవుతుంది. 33,000ను 5,200తో భాగిస్తే ఆరు పైచిలుకు. అంత పొడవైన ఎడబాటు ఎక్కడో ఒక చక్రంలో, ఏదో ఒక సంఖ్యకు, సగటున ఆరేళ్లకొకసారి మొదలవుతూనే ఉంటుంది. 53 వచ్చిన ఆ బుధవారం తర్వాతి డ్రాలో, తొంభై బంతులూ మళ్లీ లోపలికి వెళ్లాక, 53 మళ్లీ రావడానికి ఉన్న అవకాశం కూడా 18లో ఒకటే.